ఎన్నికల వారంలో విక్స్: భయసూచీని చదవడం ఎలా?

2024 మే నెలాఖరున స్టాక్ మార్కెట్‌ను గమనిస్తున్నవారికి ఒక వింత కనిపించింది. నిఫ్టీ ఆ నెలలోనే మొదటిసారి 23,000 దాటి, కాస్త వెనక్కి వచ్చి నిలబడింది. కంపెనీల ఫలితాలు ఫర్వాలేదు, విదేశాల నుంచి పిడుగులాంటి వార్తా లేదు. అయినా మార్కెట్ భయాన్ని కొలుస్తుందని అందరూ చెప్పే ‘ఇండియా విక్స్’ ఏప్రిల్ చివర్లో ఉన్న 10 నుంచి రెట్టింపు దాటి, మే 31న 24.6 దగ్గర ముగిసింది. షేర్లు గరిష్ఠాల దగ్గర ఉంటే భయమెందుకు పెరిగినట్టు?

తర్వాతి మూడు రోజుల్లో కథ ఇంకా మలుపులు తిరిగింది. జూన్ 1 శనివారం సాయంత్రం వచ్చిన ఎగ్జిట్ పోల్స్ బీజేపీకి తిరుగులేని మెజారిటీ అన్నాయి. జూన్ 3 సోమవారం నిఫ్టీ 3.25 శాతం ఎగబాకి 23,264 దగ్గర ఆగింది. విక్స్ 21 దిగువకు జారింది. మర్నాడు ఓట్ల లెక్కింపు. బీజేపీ 240 దగ్గర ఆగిపోయి సొంత మెజారిటీకి దూరమైంది. నిఫ్టీ 1,379 పాయింట్లు, అంటే 5.93 శాతం కుప్పకూలింది. విక్స్ ఒక దశలో 31 దాటి, చివరికి 26.75 దగ్గర నిలిచింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ లెక్కింపు కూడా ఆ రోజే కాబట్టి, మన టీవీల్లో సగం తెర మీద సీట్లు, మిగతా సగం మీద సెన్సెక్స్ పరుగులు పెట్టాయి. జూన్ 5న తెలుగుదేశం, జేడీయూ ఎన్డీఏ వెంటే ఉన్నట్టు తేలింది. నిఫ్టీ 3.36 శాతం పుంజుకుంది, విక్స్ ఒక్క రోజులో 19 లోపుకు దిగింది.

ఈ వారాన్ని ఓపికగా విప్పి చూస్తే చాలు, విక్స్ ఏమిటో, ఎలా కదులుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మాలో మొత్తం అర్థమవుతుంది.

సూచీ వెనక ఉన్న సరుకు

నిఫ్టీ 50 కంపెనీల షేర్ల ధరల నుంచి పుడుతుంది. విక్స్‌లో ఒక్క షేరు కూడా లేదు. అది నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి పుడుతుంది. అందుకే ముందు ఆప్షన్ ఏమిటో తెలియాలి.

పుట్ ఆప్షన్ అంటే ఫలానా తేదీ వరకు పడిపోవడానికి రక్షణ. నిఫ్టీ 22,500 దగ్గర ఉన్నప్పుడు, నెల రోజుల గడువుతో 22,000 పుట్ కొన్నారనుకోండి. గడువు నాటికి నిఫ్టీ 21,500కి పడితే, తగ్గిన ఆ 500 పాయింట్లు మీకు దక్కుతాయి. పడకపోతే కట్టిన ప్రీమియం పోతుంది. కాల్ ఆప్షన్ ఇదే పనిని పెరుగుదల వైపు చేస్తుంది. ఇది బీమా లాంటిదే. బీమా ప్రీమియం అనే మాటనే ఇక్కడా వాడుతున్నారు. తుపాను హెచ్చరిక వచ్చాక పంట బీమా అమ్మేవాడు పాత రేటుకే ఇస్తాడా? ఇవ్వడు. మార్కెట్ బాగా ఊగుతుందని అనిపించినప్పుడు ఆప్షన్ అమ్మేవాళ్లూ అంతే, ఎక్కువ ప్రీమియం అడుగుతారు.

ఎంత ఎక్కువ? పైన చెప్పిన 22,000 పుట్‌నే తీసుకుందాం. ఏడాదికి 12 శాతం ఊగిసలాట ఉంటుందని మార్కెట్ అనుకుంటే, ఆప్షన్ లెక్కల సూత్రం ప్రకారం దాని విలువ సుమారు 100 రూపాయలు. అదే 24 శాతం అనుకుంటే సుమారు 350 రూపాయలు. నిఫ్టీ ఒక్క పాయింటు కూడా కదలలేదు, గడువు మారలేదు. మారిందల్లా ముందు ఎంత కదలిక ఉంటుందన్న అంచనా. దాంతోనే ధర మూడున్నర రెట్లయింది.

ఈ లెక్కను తిరగేస్తే విక్స్ వస్తుంది. ఆప్షన్లు మార్కెట్లో ఏ ధరకు చేతులు మారుతున్నాయో తెలుసు. ఆ ధర రావాలంటే ఎంత ఊగిసలాటను అనుకుని ఉండాలి? ఆ సమాధానమే విక్స్.

ఈ ఆలోచనకు రూపమిచ్చింది అమెరికా. రాబర్ట్ వేలీ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు రూపొందించగా, 1993లో చికాగో ఆప్షన్ల ఎక్స్ఛేంజ్ దీన్ని ప్రవేశపెట్టింది. 2003లో లెక్కించే పద్ధతి మార్చి, ఎస్‌అండ్‌పీ 500 సూచీ ఆప్షన్లకు దాన్ని కట్టారు. ఆ పద్ధతినే తీసుకుని మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2008లో ఇండియా విక్స్ మొదలుపెట్టింది.

లెక్క స్థూలంగా ఇలా సాగుతుంది. ప్రస్తుత నిఫ్టీ స్థాయికి దిగువన ఉన్న పుట్‌లు, ఎగువన ఉన్న కాల్‌లు తీసుకుంటారు. ప్రతిదానికీ కొనేవాడు ఇస్తానన్న అత్యధిక ధర, అమ్మేవాడు అడిగిన అత్యల్ప ధర చూసి మధ్య విలువ పట్టుకుంటారు. తక్కువ స్ట్రైక్ ధర ఉన్నవాటికి ఎక్కువ బరువు ఇస్తూ అన్నిటినీ కూడతారు. ఈ నెల గడువు, వచ్చే నెల గడువు ఉన్న రెండు వరుసలకు ఇలా వేర్వేరుగా లెక్కగట్టి, రెండింటినీ కలిపి సరిగ్గా 30 రోజుల ముందుచూపుకు సర్దుతారు. చివరికి దాన్ని ఏడాది లెక్కలోకి మార్చి శాతంగా చెబుతారు. ఇందులో ఎవరి అభిప్రాయ సేకరణా లేదు, నిపుణుల అంచనా లేదు. ఉన్నదల్లా రక్షణ కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఒప్పుకున్న ధర.

24.6 అంటే ఎన్ని పాయింట్లు?

విక్స్ 24.6 అనగానే నిఫ్టీ 24.6 శాతం పడుతుందని చాలామంది పొరపడతారు. ఆ అంకెలో దిశ లేదు, పైగా అది ఏడాది కొలత. మనకు కావలసింది నెల, రోజు.

కదలిక కాలంతో సమానంగా పెరగదు, కాలం వర్గమూలంతో పెరుగుతుంది. ఒక రోజు పెరిగి, ఒక రోజు తగ్గి, కొంత తనలో తానే కొట్టుకుపోతుంది కాబట్టి. ఏడాదికి 12 నెలలు, 12 వర్గమూలం సుమారు మూడున్నర. ఏడాదికి ట్రేడింగ్ రోజులు 250 చిల్లర, దాని వర్గమూలం సుమారు 16. అందుకే నెల కదలిక కావాలంటే విక్స్‌ను మూడున్నరతో, రోజు కదలిక కావాలంటే 16తో భాగిస్తే చాలు. ట్రేడర్లు నోటి లెక్కగా వాడేది ఇదే.

మే 31 అంకె మీద దీన్ని పెట్టి చూద్దాం. 24.6ను 12 వర్గమూలంతో భాగిస్తే సుమారు 7.1 శాతం వస్తుంది. ఆ రోజు నిఫ్టీ 22,530 కాబట్టి అది 1,600 పాయింట్లు. అంటే వచ్చే నెల రోజుల్లో నిఫ్టీ 20,930 నుంచి 24,130 మధ్య ఎక్కడో ఉండవచ్చని ఆప్షన్ ధరలు చెబుతున్నాయి. ‘ఉండవచ్చు’ అన్న మాటకు కూడా ఒక కొలత ఉంది. ఈ పరిధిలో ఉండే అవకాశం మూడింట రెండు వంతులు, బయటికి పోయే అవకాశం ఒక వంతు. ఇంతకీ ఏమైంది? జూన్ 28న నిఫ్టీ 24,010 దగ్గర ముగిసింది. మధ్యలో 21,300 దిగువకు కూడా వెళ్లి వచ్చింది. ‘భయసూచీ’ రెట్టింపైన తర్వాతి నెల చివరికి నిఫ్టీ ఆరున్నర శాతం లాభంలో ముగిసిందన్నమాట.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. విక్స్ పరిధి వెడల్పును చెబుతుంది. ఆ పరిధిలో నిఫ్టీ ఏ అంచు వైపు నడుస్తుందో చెప్పదు.

ముప్ఫై రోజుల కిటికీ

ఇప్పుడు మొదటి వింతకు వద్దాం. ఏప్రిల్ 23న విక్స్ ఒక్క రోజులో 20 శాతం దాకా పడి 10.2 దగ్గర ముగిసింది. అప్పటికే పోలింగ్ మొదలైంది, ఫలితాలు ఎప్పుడో దేశమంతటికీ తెలుసు. అయినా భయం లేదేం?

కారణం కేలండర్‌లో ఉంది. విక్స్ 30 రోజులు మాత్రమే ముందుకు చూస్తుంది. ఏప్రిల్ 23 నుంచి 30 రోజులంటే మే 23. ఫలితాలు జూన్ 4న. సూచీ చూపు ఆనే దూరంలోకి ఎన్నికల ఫలితం ఇంకా రానేలేదు. పైగా నెలవారీ గడువుకు మూడు రోజుల ముందు సూచీ ఆ నెల కాంట్రాక్టులను వదిలి తర్వాతి రెండు నెలలకు మారుతుంది. ఏప్రిల్ గడువు 25వ తేదీ కాబట్టి 23 సరిగ్గా అలాంటి మార్పిడి దగ్గరి రోజు. అప్పుడు లెక్కలో మిగిలేవి మే 30, జూన్ 27 గడువులు. రెండూ 30 రోజుల కంటే దూరమే. ఆ రెంటి నుంచి లెక్కను దగ్గరికి లాగినప్పుడు, ఎన్నికల ప్రీమియం నిండిన జూన్ వరుస సూచీని పెంచే బదులు తగ్గించే వైపు పనిచేస్తుంది. అంటే ఆ 10.2లో ఎన్నికల మాట దాదాపు లేదు.

మే మొదటి వారం గడిచేసరికి జూన్ 4 ఆ కిటికీలోకి వచ్చింది. విక్స్ లేవడం మొదలైంది కూడా అప్పుడే. రోజులు గడిచేకొద్దీ పోలింగ్ శాతాల మీద అనుమానాలు, సీట్ల మీద పందేలు తోడై ఇంకా పైకి పోయింది. ఏప్రిల్ అంకె చూసి ‘మార్కెట్ నిశ్చింతగా ఉంది’ అని, మే అంకె చూసి ‘మార్కెట్ హడలిపోతోంది’ అని రాసినవాళ్లు, రెండు తేదీల్లోనూ సూచీ ఏ రోజులను చూస్తోందో చూడలేదు.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. మే 31 నాటి 24.6 అంటే రోజుకు 24.6ను 16తో భాగించిన ఒకటిన్నర శాతం. కానీ నెలలో ప్రతి రోజూ ఒకటిన్నర శాతం కదులుతుందని ఎవరూ అనుకోలేదు. మామూలు రోజులు మామూలుగానే ఉంటాయి, ఫలితాల రోజు మాత్రం పెద్ద కుదుపు ఉంటుందని అందరికీ తెలుసు. ఆ ఒక్క కుదుపు ఎంతని మార్కెట్ లెక్కవేసింది?

ఊగిసలాటలను నేరుగా కూడకూడదు. వాటి వర్గాలను కూడాలి. నెల మొత్తానికి 7.1 శాతం, దాని వర్గం సుమారు 50. ఎన్నికలు లేని మామూలు నెలకు విక్స్ 14 ఉంటుందనుకుందాం. జూన్ చివరికి అది ఆ దరిదాపులకే వచ్చింది కూడా. 14ను మూడున్నరతో భాగిస్తే నెలకు 4, వర్గం సుమారు 16. యాభైలోంచి పదహారు తీసేస్తే మిగిలిన 34 ఫలితాలదే. 34 వర్గమూలం సుమారు 5.8. అంటే ఎన్నికల ఫలితం అటో ఇటో 5.8 శాతం కుదుపు తెస్తుందన్న లెక్క మీద మే 31 నాటి ఆప్షన్ ధరలు నడుస్తున్నాయి. మామూలు విక్స్‌ను 14కు బదులు 12 అనుకుంటే 6.2, 16 అనుకుంటే 5.4 వస్తుంది. ఎటు చూసినా ఆరు శాతం చుట్టుపక్కలే.

జూన్ 4న పడింది 5.93 శాతం. చూడగానే అబ్బురం అనిపిస్తుంది. అయితే ఇది జోస్యమని చప్పట్లు కొట్టే ముందు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆ 5.8 అనే అంకె ఎటువైపో చెప్పలేదు. పైగా ఎన్నికల కుదుపు జూన్ 4న ఒక్క రోజులో అయిపోలేదు. ఎగ్జిట్ పోల్స్ తెచ్చిన జూన్ 3 నాటి ఎగుడు కూడా అందులో భాగమే. రెండు రోజుల వర్గాలు కలిపితే 46 దాకా వస్తుంది, మార్కెట్ పక్కన పెట్టుకున్నది 34. జరిగిన కుదుపు అనుకున్నదానికంటే పెద్దదే.

అసలు పాఠం సోమవారంలో ఉంది. ఎగ్జిట్ పోల్స్ వచ్చాక విక్స్ 20.94కు దిగింది. అదే లెక్క ఈ అంకెతో చేస్తే ఫలితాల రోజుకు మిగిలేది నాలుగున్నర శాతం. శుక్రవారం సుమారు ఆరు శాతానికి సిద్ధపడిన మార్కెట్, ఫలితం ముందే తెలిసిపోయిందన్న ధీమాతో రక్షణ ఖర్చు తగ్గించుకుంది. ఓట్ల పెట్టెల్లో ఉన్నది ఎగ్జిట్ పోల్స్ వల్ల మారలేదు. మారింది ధీమా. విక్స్ తగ్గడం ప్రమాదం తగ్గిందనడానికి రుజువు కాదని ఇంతకంటే స్పష్టంగా చూపే రోజు దొరకదు.

పడితే పెరగడం, ఫలితం వస్తే తగ్గడం

సాధారణంగా నిఫ్టీ పడిన రోజు విక్స్ పెరుగుతుంది, నిఫ్టీ పెరిగిన రోజు తగ్గుతుంది. భయసూచీ అన్న పేరు దీనివల్లే వచ్చింది. షేర్లు చేతిలో ఉన్న మ్యూచువల్ ఫండ్లు, విదేశీ సంస్థలు ధరలు జారుతున్నప్పుడు పుట్‌ల కోసం ఎగబడతాయి. గిరాకీ పెరిగితే ప్రీమియం పెరుగుతుంది, ప్రీమియం పెరిగితే విక్స్ పెరుగుతుంది. ధరలు పెరిగేటప్పుడు అంత తొందర ఎవరికీ ఉండదు. పైగా మార్కెట్లు మెట్లెక్కినట్టు నెమ్మదిగా ఎక్కి, పడేటప్పుడు ఒక్కసారిగా పడతాయి కాబట్టి, పతనంలో రోజువారీ కదలిక నిజంగానే ఎక్కువ.

అయితే ఇది అలవాటే తప్ప నియమం కాదు. ఎన్నికలు, కేంద్ర బడ్జెట్ లాంటి తేదీ తెలిసిన సంఘటనలకు ముందు నిఫ్టీ, విక్స్ రెండూ కలిసి పెరగవచ్చు. 2024 మేలో జరిగింది అదే. సంఘటన అయిపోగానే, ఫలితం మంచిదైనా చెడ్డదైనా, ఆ కుదుపు రోజు లెక్కలోంచి వెళ్లిపోతుంది కాబట్టి విక్స్ దిగుతుంది. జూన్ 4 ముగింపులో అది వెంటనే దిగకపోవడానికి కారణం కొత్త ప్రశ్న పుట్టడమే: ప్రభుత్వం ఎవరిది? మర్నాడు మిత్రపక్షాల మద్దతుతో ఆ ప్రశ్న కూడా తీరింది. విక్స్ ఒకే రోజు దాదాపు 29 శాతం తగ్గింది.

ఆప్షన్లు కొనే చిన్న ట్రేడర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫలితాల ముందు రోజు కాల్ కొంటారు, నిఫ్టీ అనుకున్నట్టే పెరుగుతుంది, అయినా చేతిలో ఉన్న కాల్ ధర తగ్గి కూర్చుంటుంది. దిశ సరిగ్గా ఊహించారు గానీ, ఊగిసలాటకు కట్టిన అదనపు ప్రీమియం ఫలితం రాగానే ఆవిరైంది. విక్స్ 24 ఉన్నప్పుడు ఆప్షన్ కొంటే మామూలుగా కదిలితే చాలదు, ఆ ధరలో ముందే లెక్కగట్టిన కదలికను మించి కదలాలి. సగటున చూస్తే విక్స్ చెప్పే ఊగిసలాట, తర్వాత నిజంగా జరిగే ఊగిసలాట కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. రక్షణ అమ్మేవాడికి ఆ తేడాయే ఆదాయం. ఆ సగటును నమ్ముకుని ఒళ్లు మరిచి అమ్మినవాడిని జూన్ 4 లాంటి ఒక్క రోజు ముంచుతుంది.

అంకె తప్పుదారి పట్టించే చోట్లు

విక్స్ ధరల నుంచి పుడుతుంది కాబట్టి, ధరలే సరిగ్గా లేనప్పుడు అదీ సరిగ్గా ఉండదు. 2024 ఆగస్టు 5న జపాన్ సూచీ నిక్కీ 12 శాతానికి పైగా పడింది. అమెరికాలో మార్కెట్ తెరవకముందే అక్కడి విక్స్ 65 దాటింది. అంతటి స్థాయి 2008 సంక్షోభం, 2020 కరోనా రోజుల్లో తప్ప కనబడలేదు. తీరా రోజు ముగిసేసరికి అది 38.57. తెల్లవారుజామున ట్రేడింగ్ పలచగా ఉండటంతో కొనేవాడు ఇస్తానన్న ధరకూ అమ్మేవాడు అడిగిన ధరకూ మధ్య అగాధం ఏర్పడింది. సూచీ ఆ రెంటి మధ్య విలువను తీసుకుంటుంది కదా, ఎవరూ కొనని ఆప్షన్ల మధ్య విలువలు కూడా ఎగిరిపోయాయి. భయం నిజమే, కానీ అంకెలో సగం పలచబడిన మార్కెట్ వల్ల వచ్చింది. అందుకే రోజులో నమోదైన గరిష్ఠం కంటే ముగింపు అంకెను నమ్మడం మేలు. ఇండియా విక్స్‌నూ పొద్దున 9.15కు మార్కెట్ తెరిచిన మొదటి నిమిషాల్లో చూసి కంగారుపడక్కర్లేదు.

రెండో ఉచ్చు ‘విక్స్ శిఖరం తాకితే షేర్లు కొనేయాలి’ అనే సలహా. దీనికి మద్దతుగా 2020 మార్చిని చూపిస్తారు. నిఫ్టీ మార్చి 23న ఒకే రోజు 13 శాతం పడి 7,610 దగ్గర ముగిసింది. ఇండియా విక్స్ మర్నాడే 80 దాటి శిఖరం చేరింది. అప్పుడు కొన్నవాళ్లు బాగుపడ్డారు. ఈ ఒక్క ఉదాహరణ చాలంటే, 2008 కూడా చూడాలి. అమెరికా విక్స్ ముగింపు శిఖరం ఆ ఏడాది నవంబరు 20న వచ్చింది, 80.86. ఆ రోజు ఎస్‌అండ్‌పీ 752. ఆ సూచీ అసలు అట్టడుగు 2009 మార్చి 9న, 676 దగ్గర. అప్పటికి విక్స్ 50 దరిదాపులకు దిగిపోయింది. భయం తగ్గాక కూడా షేర్లు మరో 10 శాతం పడ్డాయి. కొత్త వార్తకు జనం ఎగబడటం విక్స్‌ను పెంచుతుంది. అలవాటైపోయిన చెడ్డ రోజులు నెమ్మదిగా ధరలను కొరుకుతాయి గానీ విక్స్‌ను అంతగా లేపవు.

మూడోది, విక్స్‌ను నేరుగా కొనడం ఎవరివల్లా కాదు. అది లెక్కగా వచ్చిన అంకె. అమెరికాలో దాని ఫ్యూచర్ల మీద కట్టిన పథకాలు చాలా ఉన్నాయి. వాటిలో విక్స్ తగ్గుతుందని పందెం కాసే ఎక్స్‌ఐవీ అనే పథకం ప్రశాంతంగా గడిచిన 2017లో ఊరించింది. 2018 ఫిబ్రవరి 5న విక్స్ ఒకే రోజు 17 నుంచి 37కు ఎగిరేసరికి తన విలువలో 90 శాతానికి పైగా పోగొట్టుకుని మూతపడింది. మన దగ్గర 2014లో ఇండియా విక్స్ ఫ్యూచర్లను తెచ్చినా వాటికి ఆదరణ దక్కలేదు.

చూసే పద్ధతి

టీవీలో ‘భయసూచీ 15 శాతం జంప్’ అని అక్షరాలు పరుగెత్తినప్పుడు ముందు అడగాల్సింది ఎంత నుంచి ఎంతకు అని. 11 నుంచి 12.65కు పెరిగినా 15 శాతమే. పదహారుతో భాగించి చూస్తే రోజువారీ అంచనా కదలిక 0.7 శాతం నుంచి 0.8 శాతానికి మారింది. పతాక శీర్షికకు సరిపోయే మార్పేమీ కాదు.

తర్వాత, వచ్చే 30 రోజుల్లో ఏముందో కేలండర్ తీసి చూడాలి. ఎన్నికలో, బడ్జెట్టో ఉంటే పెరిగిన అంకెలో చాలా భాగం ఆ ఒక్క రోజుది. దాన్ని నెల మొత్తానికి పులమకూడదు. తేదీ ఏదీ లేకుండానే అంకె రోజుల తరబడి పెరుగుతోందంటే దానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. అంకె మరీ తక్కువగా ఉంటే, దగ్గరలో పెద్ద సంఘటన కిటికీకి సరిగ్గా బయట నిలబడి ఉందేమో చూసుకోవాలి.

ఆపైన, ఇటీవల నిఫ్టీ నిజంగా ఎంత కదిలిందో పోల్చాలి. నెల రోజులుగా నిఫ్టీ రోజుకు అర శాతం కూడా కదలకుండా విక్స్ 20 ఉంటే, రాబోయే దేనికో జనం డబ్బు కడుతున్నారని అర్థం. నిఫ్టీ రోజుకు ఒకటిన్నర శాతం ఊగుతూ విక్స్ 20 ఉంటే, ఊగిసలాట తగ్గుతుందని మార్కెట్ ఆశపడుతోందని అర్థం. ఒకే అంకెకు ఇవి రెండు వేర్వేరు అర్థాలు.

నెలనెలా సిప్ కట్టే ఉద్యోగికి, పదేళ్ల తర్వాత పిల్లల చదువుకని దాచే కుటుంబానికి ఈ అంకెతో పని చాలా తక్కువ. వాళ్ల కాలం పదేళ్లు, దీని చూపు 30 రోజులు. కూతురి పెళ్లికి వచ్చే నెలలో ఫండ్ యూనిట్లు అమ్మాలనుకున్నవారికి మాత్రం పని ఉంది. విక్స్ 24 అంటే ఆ నెలలో తమ డబ్బు ఏడు శాతం అటో ఇటో అయ్యే అవకాశం బాగానే ఉందని, మూడు నెలల్లో ఒక నెల అంతకుమించి కూడా కదలవచ్చని వాళ్లు లెక్క వేసుకోవచ్చు. లక్షకు ఏడువేలు తగ్గినా పెళ్లి పనులు ఆగవంటే ఆగి చూడొచ్చు. ఆగిపోతాయంటే ఆ సొమ్మును ముందే బ్యాంకులో వేసుకోవడమే మంచిది.